శీనాకు, నీ అబ్‌స్ట్రాక్ట్ సంగతి

తిరుపతి,
ఆదివారం

రేయ్ శీనా,

నీ థీసిస్ అబ్‌స్ట్రాక్ట్ అందింది. ఊరంతా బ్రహ్మోత్సవాల రద్దీ, డ్యూటీ నుంచి ఇల్లు చేరేసరికే రాత్రవుతోంది. అందుకే జవాబు ఆలస్యమైంది, ఏమనుకోవద్దు.

ముందు ఒకటి అడుగుతా. లెక్కలు ఇంకా స్టాటిస్టీషియన్ దగ్గరే ఉన్నాయంటివి, మరి కన్‌క్లూజన్ ఎట్లా రాసినావప్పా? 'విటమిన్ డి ఇస్తే షుగర్ అదుపులోకి వస్తుంది' అని తేల్చేసినావు. నువ్వు ఎవరికీ విటమిన్ డి ఇవ్వనేలేదు కదా! ఓపీకి వచ్చిన టైప్ 2 షుగర్ పేషెంట్లకు ఒక్కసారి రక్తం తీసి విటమిన్ డి, హెచ్‌బీఏ1సీ చూసినావు, అంతే. అది క్రాస్ సెక్షనల్ స్టడీ. ఏది ముందు చెడిందో దాంట్లో తెలియదు. జబ్బు ముదిరినోళ్ళు ఎండలోకి పోక విటమిన్ తగ్గిందేమో. ఒళ్ళు ఎక్కువైతే రెండూ చెడతాయి కూడా.

బ్యాక్‌గ్రౌండే సగం మింగేసింది, రెండు వాక్యాలకు తగ్గించు. ఆ చోటు మెథడ్స్‌కు ఇవ్వు. స్టడీ ఏ రకం, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎవరిని తీసుకున్నావు, ఎవరిని వదిలేసినావు అన్నవి కనబడాలి. ముందే విటమిన్ డి వాడుతున్నోళ్ళను, కిడ్నీ జబ్బు ఉన్నోళ్ళను వదిలేసి ఉంటే ఆ మాట రాయి. రక్తహీనత ఉన్నోళ్ళనూ అంతే, వాళ్ళలో హెచ్‌బీఏ1సీని నమ్మలేం. ఇంకోటి, ప్రోటోకాల్ నుంచి ఎత్తి అతికించినట్టున్నావు, 'పేషెంట్లను తీసుకుంటాం' అనే ఉంది. అయిపోయిన పని కదా, 'తీసుకున్నాం' అని మార్చు.

రిజల్ట్స్‌లో ఉట్టి 'p<0.05, సిగ్నిఫికెంట్' అంటే ఏమీ చెప్పనట్టే. ఊరికే అంకెలు వేసి చూపిస్తా. 120 మందిలో కోరిలేషన్ r = -0.28 వచ్చిందనుకో. p దాదాపు 0.002 ఉంటుంది, చూస్తే గొప్పగానే ఉంటుంది. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ మాత్రం -0.44 నుంచి -0.11 దాకా పోతుంది. r ను వర్గం చేస్తే 0.08 కూడా రాదు. అంటే మనిషికీ మనిషికీ హెచ్‌బీఏ1సీలో ఉన్న తేడాలో విటమిన్ డి తో ముడిపడేది 8 శాతం లోపే. ఇవన్నీ రాస్తే ఎగ్జామినర్‌కు బలం ఎంతో, బలహీనత ఎంతో తెలుస్తుంది.

నీ లెక్కలూ ఇట్లాగే వస్తే కన్‌క్లూజన్ దానంతటదే వస్తుంది: 'మా ఓపీకి వచ్చిన టైప్ 2 పేషెంట్లలో విటమిన్ డి తక్కువగా ఉండటానికీ, హెచ్‌బీఏ1సీ ఎక్కువగా ఉండటానికీ బలహీనమైన సంబంధం కనిపించింది. విటమిన్ ఇస్తే మేలా అన్నది ట్రయల్ చేస్తేనే తెలుస్తుంది.' మీ గైడ్‌కు ఇది చప్పగా అనిపించొచ్చు. అనిపించనీ, వైవాలో నిలబడేది ఇదే.

లెక్కలు వచ్చినాక అబ్‌స్ట్రాక్ట్‌లోని ప్రతి అంకెనూ లోపలి టేబుళ్ళతో సరిచూడు. ఇక్కడ 120, అక్కడ 118 అని ఉంటే మొదటి ప్రశ్న అదే పడుతుంది. ఆ టేబుళ్ళు కూడా నాకు పంపు, కలిసి చూద్దాం.

నీ
రఘు