నిద్రమాత్రల సీసా మీది అంకె గురించి కేంద్ర ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్ ఔషధ పరిశ్రమలో ఇరవై ఆరేళ్లు మాత్రల నాణ్యతను పరీక్షించే పనిలో ఉన్నాను. కిందటి నెల మా పక్కింటి పెద్దావిడ ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. డాలస్‌లో ఉన్న కొడుకు పంపిన మెలటోనిన్ మాత్రలవి. లేబుల్ మీద 3 మిల్లీగ్రాములు అని ఉంది. "పాత సీసాలోది వేసుకుంటే హాయిగా నిద్ర పట్టేది బాబూ. ఇది వేసుకుంటే పొద్దున పదింటి దాకా తల దిమ్ముగా ఉంటోంది. రెండూ ఒకటే కంపెనీ కదా?" అని అడిగారు. లేబుల్‌ని ఎంత తిప్పి చూసినా ఆమెకు జవాబు దొరకలేదు.

ఆమె అనుమానం అసాధ్యమైనదేమీ కాదు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి దుకాణాల్లో 31 రకాల మెలటోనిన్ కొని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. లేబుల్ చెప్పిన దానికన్నా 83 శాతం తక్కువ ఉన్నవాటి నుంచి 478 శాతం ఎక్కువ ఉన్నవాటి దాకా కనిపించాయి. 1.5 మిల్లీగ్రాములని రాసిన ఒక నమిలే మాత్రలో దాదాపు 9 ఉన్నాయి. పిల్లలకు ఎక్కువగా ఇచ్చేది నమిలే మాత్రలే. ఒకే ఉత్పత్తిలో సైతం ఒక బ్యాచ్‌కూ మరో బ్యాచ్‌కూ పెద్ద తేడా వచ్చింది. 8 రకాల్లో లేబుల్ మీద లేని సెరటోనిన్ అనే మరో రసాయనం కూడా బయటపడింది.

ఈ తేడా ఎక్కడ పుడుతుందో చెబుతాను. 300 మిల్లీగ్రాముల మాత్రలో మందు 3 మిల్లీగ్రాములే ఉంటే, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు మందు కాని పొడే. 100 కిలోల పొడిలో కిలో మెలటోనిన్‌ను సమానంగా కలపాలి. అది ఉండలు కట్టినా, యంత్రం అదురుకు సన్నని పొడి ఒకవైపు చేరినా, మాత్రల బరువు మాత్రం సరిగ్గానే ఉంటుంది. తూకం ఆ దోషాన్ని పట్టుకోలేదు.

ఇంకో చిక్కుంది. ఇరవై మాత్రలు కలిపి నూరి పరీక్షిస్తే సగటు 3 అనే వస్తుంది. అదే ఇరవైని విడివిడిగా పరీక్షిస్తే ఒకదానిలో 1.8, పక్కదానిలో 4.2 ఉండవచ్చు. సగటును ఎవరూ మింగరు. అందుకే మన ఔషధ ప్రమాణ గ్రంథం ఇంత తక్కువ మోతాదు మందుల్లో పది మాత్రలను ఒక్కొక్కటిగా పరీక్షించమంటుంది. ఆ పరీక్షలో తప్పిన బ్యాచ్‌లను స్వయంగా ఆపించాను కాబట్టి దాని విలువ తెలుసు.

అమెరికాలో 1994 నాటి చట్టం ఈ మాత్రలను ఆహార అనుబంధాలుగా చూస్తుంది. అమ్మకానికి ముందు ప్రభుత్వ ఆమోదం అక్కర్లేదు. పరీక్షలు చేయాలన్న నియమం ఉన్నా, తమ సరుకుకు కొలమానాలు ఏర్పరచుకునేది తయారీదారులే. నిల్వలో కొంత మందు తరిగిపోతుందని ముందే ఎక్కువ కలపడమూ ఉంది. అలాంటప్పుడు కొత్త సీసాలోని మాత్ర, గడువు తీరబోయే మాత్ర ఒకటి కావు. లేబుల్ మీది అంకె ఒకటే.

మూలికల సంగతి ఇంకా కష్టం. మెలటోనిన్‌కు కనీసం ఒక అణువు ఉంది, దాన్ని కొలవవచ్చు. "అశ్వగంధ సారం 500 మిల్లీగ్రాములు" అంటే పొడి బరువు తెలుస్తుంది గానీ అందులో అశ్వగంధకు ప్రత్యేకమైన విథనోలైడ్లు అనే రసాయనాలు ఎన్నో తెలియదు. వాటి శాతం రాసినా కొలిచిన పద్ధతి రాయరు. ఒకే పొడిని తూకం పద్ధతిలో కొలిస్తే ఒక అంకె, రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో కొలిస్తే మరో అంకె వస్తాయి. వేరుకు బదులు ఆకు కలిపితే వాటిలో ఒకటైన విథాఫెరిన్-ఎ పెరుగుతుంది. ఆకు వాడవద్దని ఆయుష్ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది కూడా. సీసా కొన్నవారికి అది వేరో ఆకో ఎలా తెలియాలి?

మన దేశంలో అనుబంధాల డబ్బాల మీద కనిపించే పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సు సంఖ్యను చాలామంది నాణ్యతకు హామీ అనుకుంటున్నారు. అది సంస్థకు ఇచ్చిన అనుమతి మాత్రమే, చేతిలోని మాత్రకు జరిపిన పరీక్ష కాదు.

ఔషధ నియంత్రణ, ఆహార భద్రత రెండూ మీ శాఖ కిందివే. మాత్రలో మందు పది మిల్లీగ్రాముల లోపు ఉంటే, దాన్ని ఏ పేరుతో అమ్మినా సరే, విడిమాత్రల పరీక్షను తప్పనిసరి చేయండి. 2023 నుంచి మూడు వందల మందుల బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ పెట్టించారు. ఈ నిద్ర అనుబంధాలకూ అదే పెట్టించి, ఆ బ్యాచ్‌లో పరీక్షించిన పది మాత్రల ఫలితాలు, పరీక్ష తేదీ, మూలికలైతే వాడిన భాగం, కొలిచిన పద్ధతి అందులో కనిపించేలా చేయండి.

పెద్దావిడకు ప్రస్తుతానికి ఆ సీసా పక్కన పెట్టి, రెండు సీసాలూ తీసుకుని తన వైద్యుడి దగ్గరకు వెళ్లమన్నాను. ఆయన దగ్గరా ఉన్నది ఆ లేబులే.

ఇట్లు,
విశ్రాంత ఔషధ నాణ్యతా పరీక్షకుడు,
హైదరాబాద్