ముఖం మీది కుక్కకాటుకు ఇచ్చిన ఇమ్యునోగ్లోబులిన్ క్లెయిమ్‌ను తిరస్కరించడంపై ఫిర్యాదు

గ్రీవెన్స్ అధికారి గారికి,
ఆరోగ్య బీమా విభాగం.

విషయం: మా బాబు కుక్కకాటు చికిత్స క్లెయిమ్‌ను మళ్లీ పరిశీలించి పూర్తి మొత్తం చెల్లించాలని కోరుతూ.

అయ్యా,

మీ కంపెనీ పంపిన తిరస్కరణ ఉత్తరం అందింది. అందులో మీరు చెప్పిన కారణాలు మూడు. ఒకటి, రేబీస్ టీకా ఇచ్చాక ఇమ్యునోగ్లోబులిన్ అనే సిద్ధ యాంటీబాడీల మందు అదనం, ఇదంతా టీకాల ఖర్చు కిందికే వస్తుంది. రెండు, ఆ మందును చేతికో తుంటికో సూదిగా వేసి ఓపీలోనే పంపించి ఉండవచ్చు, మత్తు, థియేటర్ అవసరం లేదు, ఆసుపత్రిలో 24 గంటలూ నిండలేదు. మూడు, రెండో వయల్, మర్నాటి కుట్లు అనవసరం. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. కుక్కకాటు గదిలో చాలాకాలం డ్యూటీ చేశాను. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఈ రెండో కారణం ఒక డాక్టర్ సంతకంతో వచ్చిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా బాబుకి ఆరేళ్లు, బరువు 18 కిలోలు. పరకాల దగ్గర మా అమ్మగారి ఊళ్లో వాకిట్లో ఆడుకుంటుంటే వీధికుక్క మీద పడి ముఖం పట్టుకుంది. కుడి చెంప మీద కండ కనిపించేంత లోతు గాయం, కింది కనురెప్పకు కొద్దిగా దిగువన ఒక గాటు. అక్కడున్నవాళ్లు పసుపు తెమ్మనీ, సున్నం పెట్టమనీ అంటున్నా వినకుండా మా తమ్ముడు వాణ్ని బోరు మోటారు దగ్గరికి ఎత్తుకుపోయి, సబ్బు పెట్టి పావుగంట సేపు ధారగా కడిగాడు. ఆ పని వాడికి ఫోన్లో చెప్పి చేయించింది నేనే. కంటి దగ్గరి గాయం కాబట్టి మత్తు డాక్టరు, ప్లాస్టిక్ సర్జను ఉన్న హనుమకొండలోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం.

చర్మం చీలి రక్తం వచ్చిన కాటు, అన్నిటికన్నా తీవ్రమైన మూడో కేటగిరీలోకి వస్తుంది. ఆ కేటగిరీకి టీకా ఒక్కటే సరిపోదు. టీకాలో సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు ఉండవు. వాటిని తయారు చేసుకొమ్మని ఒంటికి నేర్పుతుందంతే. అవి చాలినన్ని పుట్టడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వైరస్ మాత్రం కుక్క చొంగతో కలిసి గాయంలోకి అప్పుడే దిగి ఉంటుంది. అది మొదట రక్తంలోకి పోదు. గాయంలోని కండరంలో, నరాల కొసల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి నరంలోకి దూరి, నరం వెంటే మెదడు వైపు పాకుతుంది. ఒకసారి నరం లోపలికి చేరాక యాంటీబాడీలకు అది అందదు. అంటే దాన్ని ఆపగలిగే చోటు గాయమే, ఆపగలిగే సమయం అది నరంలోకి వెళ్లకముందే.

కాలి పిక్క మీద కరిస్తే వైరస్ వెన్నుదాకా, అక్కడి నుంచి మెదడుదాకా చాలా దూరం పోవాలి. చాలామందిలో జబ్బు బయటపడటానికి ఒకటి నుంచి మూడు నెలలు పట్టేది అందుకే. ముఖం సంగతి వేరు. చెంపలో, పెదవిలో, కనురెప్పలో నరాల కొసలు దట్టంగా ఉంటాయి, అక్కడి నుంచి మెదడు జానెడు దూరం కూడా ఉండదు. తల, ముఖం కాట్లలో ఆ గడువు బాగా తగ్గిపోతుంది. టీకా యాంటీబాడీలు వచ్చేసరికి వైరస్ నరంలోకి జొరబడి ఉండే ప్రమాదం అన్ని కాట్లకన్నా వీటిలోనే ఎక్కువ. ఆ మధ్యకాలాన్ని కాపాడటానికే ఇమ్యునోగ్లోబులిన్. టీకా వేయించుకున్న మనుషుల రక్తం నుంచి గానీ గుర్రాల నుంచి గానీ తీసిన, అప్పటికే తయారై ఉన్న యాంటీబాడీలు అవి.

ఇక మీ ‘చేతికో తుంటికో’ మాట. 18 కిలోల పిల్లవాడికి మనిషి రక్తం నుంచి తీసిన ఇమ్యునోగ్లోబులిన్ కిలోకు 20 యూనిట్ల చొప్పున 360 యూనిట్లు కావాలి. ఆసుపత్రిలో దొరికిన మందు మిల్లీలీటరుకు 150 యూనిట్లది, కాబట్టి 2.4 మిల్లీలీటర్లు. ఈ కాస్త మందును తుంటిలో పొడిస్తే అది కండలోంచి మెల్లగా రక్తంలోకి చేరి ఒళ్లంతా పలచబడుతుంది. చెంపలో వైరస్ ఉన్న చోటికి చేరేది లెక్కలోకి రానంత. అదే మందును గాయం అంచుల్లోకి, అడుగులోకి ఎక్కిస్తే వైరస్ ఎక్కడుందో అక్కడే చిక్కగా నిలుస్తుంది. ఇల్లు అంటుకుంటే చెరువులో నీళ్లు పోసినట్టుంది మీ సలహా. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో ఈ విషయం తేల్చి చెప్పింది: శరీర నిర్మాణం ఒప్పుకున్నంత మేర మందును గాయంలో, గాయం చుట్టూ ఎక్కించాలి, దూరంగా కండలో వేయడం వల్ల ఒరిగేది చాలా తక్కువ. ఎప్పటివో పాత పద్ధతులు పట్టుకుని క్లెయిములు కొట్టివేయడం మీకు తగదు.

ఎక్కించడం అంటే ఒక్క పోటు కాదు. సన్నని సూదిని గాయం అంచు నుంచి లోపలికి పోనిచ్చి, రక్తనాళంలో పడలేదని వెనక్కి లాగి చూసుకుని, మెల్లగా మందు వదలాలి. తర్వాత దిశ మార్చి మళ్లీ. అంచు చుట్టూ చర్మం కాస్త ఉబ్బి తెల్లబారితే మందు అక్కడ నిలిచిందని తెలుస్తుంది. చెంప మెత్తగా ఉంటుంది కాబట్టి మందు పడుతుంది. కనురెప్ప, ముక్కు కొన, చెవి దగ్గర చోటు ఉండదు. అక్కడ బలవంతంగా నింపితే ఒత్తిడికి రక్తం ఆడక చర్మం చచ్చిపోవచ్చు. ఆరేళ్ల పిల్లవాడు నొప్పితో తల విదిలిస్తుంటే కంటికి వేలెడు దూరంలో ఇదంతా ఎవరు చేయగలరు? నలుగురు అదిమి పట్టుకుని చేసినవి నా డ్యూటీలో చూశాను. సగం మందు దూదిలోకే పోతుంది. అందుకే డాక్టరు గారు మత్తు ఇప్పించి థియేటర్లో చేశారు.

మత్తులో ఉన్నందువల్ల ఇంకో మేలు జరిగింది. జుట్టు పాయలు తీసి తలంతా వెతికితే కుడిచెవి పైన చిన్న కోరగాటు కనబడింది. రక్తం గడ్డకట్టి వెంట్రుకల్లో కలిసిపోయింది, మేమెవరమూ చూడలేదు. టీకా వేసినా, ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చినా రేబీస్ వచ్చిన అరుదైన కేసుల్లో తరచుగా కనిపించే లోపం ఇదే: పెద్ద గాయానికి మందు ఎక్కించి చిన్న గాటును వదిలేయడం. వైరస్‌కు ఆ చిన్న గాటు చాలు.

రెండో వయల్ లెక్క చూడండి. ఒక వయల్‌లో 300 యూనిట్లు, బాబుకి కావలసింది 360. రెండోది తెరవక తప్పదు. మిగిలింది తెరిచాక దాచే మందు కాదు, ఆ రాత్రి అక్కడ అది పంచుకోవడానికి ఇంకో కాటు రోగీ లేడు. మూడు గాయాలకూ 2.4 మిల్లీలీటర్లు చాలకపోతే సెలైన్ కలిపి రెట్టింపు చేశారు. బిల్లులో సెలైన్ కనబడింది దానికే. మందే మరికొంత ఎక్కించవచ్చు కదా అంటే కుదరదు. లెక్కకు మించి ఇస్తే టీకా పుట్టించే యాంటీబాడీలు తగ్గుతాయి. గుర్రం నుంచి తీసిన మందు చవక, అది వాడితే ఖర్చు తగ్గేది అని మీరు అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని. అదీ అంతే బాగా పనిచేస్తుంది, కిలోకు 40 యూనిట్లు ఇస్తారు. కానీ ఆ రాత్రి ఆ ఆసుపత్రి ఫార్మసీలో అది లేదు, ముఖం మీద అంత గాయం పెట్టుకుని తెల్లారేదాకా ఆగే పని కాదు. మొదటి టీకా రోజు నుంచి ఏడు రోజుల్లోపు ఇవ్వవచ్చన్నది ఏ కారణంగానో ఆలస్యమైనవాళ్ల కోసం పెట్టిన హద్దు. తీరిగ్గా ఇవ్వమని దాని అర్థం కాదు.

కుట్లు మర్నాడు ఎందుకు వేశారని, అది ‘రెండోసారి బిల్లు’ అని రాశారు. మామూలు గాయమైతే వెంటనే కుట్టేస్తారు. కుక్కకాటును ముందే కుడితే సూది వైరస్‌ను కొత్త నరాల కొసల దాకా తోస్తుంది. అందుకని వీలైతే కుట్టరు. ముఖం లాంటి చోట తెరిచి ఉంచలేని గాయమైతే ముందు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించి, అది గాయమంతా పాకడానికి కొన్ని గంటలు ఆగి, అవసరమైనన్నే వదులు కుట్లు వేస్తారు. చెంపకు అదే జరిగింది. మిగతా రెండు గాట్లకు ఒక్క కుట్టూ వేయలేదు, బిల్లులోనూ లేదు. టీకా మాత్రం వేరే సిరంజీతో, గాయానికి దూరంగా భుజానికి వేశారు. రెండూ ఒకచోట కలిస్తే ఇమ్యునోగ్లోబులిన్ టీకానే కొట్టేస్తుంది.

ఇప్పుడు మీ పాలసీ సంగతి. మినహాయింపుల్లో టీకాల ఖర్చు ఉన్న మాట నిజమే. కానీ అదే వాక్యంలో ‘జంతువు కాటు తర్వాతి చికిత్సకు ఈ మినహాయింపు వర్తించదు’ అని మీరే రాసుకున్నారు. ఆ సగం వాక్యాన్ని మీ ఉత్తరంలో ఎందుకు వదిలేశారో నాకు తెలియదు. పైగా ఇమ్యునోగ్లోబులిన్ టీకానే కాదు. 24 గంటలు నిండలేదన్న అభ్యంతరానికి, మత్తు ఇచ్చి చేసే డే కేర్ చికిత్సల గురించి పాలసీలో ఉన్న నిబంధనే జవాబు. మత్తు డాక్టరు రాసిన నోట్, థియేటర్ రిజిస్టర్ నకలు జతచేశాను.

కాబట్టి ఈ మూడు కోతలనూ రద్దుచేసి, ఇమ్యునోగ్లోబులిన్ రెండు వయల్స్, మత్తు, థియేటర్, మర్నాటి కుట్ల ఖర్చులను పూర్తిగా చెల్లించాలి. మళ్లీ కాదనదలిస్తే, రేబీస్ కాట్లకు వైద్యం చేసిన డాక్టరుతో చూపించి, ఏ మార్గదర్శకం ప్రకారం తుంటి సూది సరిపోతుందో ఆయన పేరుతో రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ ఉత్తరం అందిన నెలలోగా జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గర ఫిర్యాదు చేస్తాను.

డిశ్చార్జ్ సమ్మరీ, గాయాల ఫోటోలు, వయల్స్ లేబుళ్లు, టీకా కార్డు, మీ తిరస్కరణ ఉత్తరం, పాలసీలోని మినహాయింపుల పేజీ దీంతోపాటు పంపుతున్నాను.

ఇట్లు,
పాలసీదారు,
హనుమకొండ.