కన్సోల్‌కు ప్రయారిటీ ఇచ్చాం, మాకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మూడుసార్లు మీరే మూసేసిన నా ఫిర్యాదు

అయ్యా,

2014 నుంచి మా ఇంట్లో మీ కంపెనీ రౌటర్లే. ఇది నాలుగోది. మా బావమరిది చేత కూడా మీదే కొనిపించాను. ఇప్పుడు వాడు ఫోన్ చేస్తే ఎత్తాలంటే భయంగా ఉంది.

మావాడి గేమ్ కన్సోల్ కోసం రౌటర్‌లో QoS, అంటే ఎవరి డేటా ముందు వెళ్లాలో చెప్పే సెట్టింగ్, ఆన్ చేసి, కన్సోల్‌కు హై ప్రయారిటీ రూల్ పెట్టాను. ఇంట్లో ఎవరూ నెట్ వాడనప్పుడు గేమ్‌లో పింగ్, అంటే సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, 35 చూపిస్తుంది. నేను ఆఫీసు వీడియోలు అప్‌లోడ్ పెట్టగానే 410కి ఎగబాకుతుంది. రూల్ తీసేసినా అదే 410, పెట్టినా అదే 410. ఈ ఒక్క ముక్క చెప్పడానికి మీకు ఐదుసార్లు ఫోన్ చేశాను.

మొదటి అబ్బాయి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాడు. చేశాను. రెండో అమ్మాయి కూడా అదే అంది. ముందే చేశానమ్మా అంటే, "నా ముందు ఒకసారి చేయండి సార్" అంది. ఫోన్‌లో ఆవిడ ముందు ఎలా చేయాలో నాకు తెలియలేదు గానీ, అదీ చేశాను. మూడో ఆయన కన్సోల్ పేరు పక్కన ఆకుపచ్చ టిక్ ఉందా అని అడిగాడు. ఉందన్నాను. "అయితే పని చేస్తున్నట్టే సార్" అని పెట్టేశాడు. సాయంత్రానికి మీ సమస్య పరిష్కారమైందంటూ మెసేజ్. నాలుగోసారి నలభై నిమిషాలు సంగీతం వినిపించి, గేమింగ్ మోడల్ కొనుక్కోమన్నారు. ఐదోసారి ఎక్స్‌పర్ట్ టీమ్ 48 గంటల్లో ఫోన్ చేస్తుందన్నారు. ఆ 48 గంటలు ఏ పంచాంగం ప్రకారమో గానీ, మూడు వారాలైనా పూర్తి కాలేదు.

చివరికి సంగతి చెప్పింది పై వాటాలో అద్దెకుండే కుర్రాడు. టీ తాగుతూ QoS పేజీ తెరిచి, Upload Bandwidth అనే గడి మీద వేలు పెట్టాడు. అందులో మీరు ముందే వేసి ఇచ్చిన 1000 ఉంది. మా లైన్ అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్. "అంకుల్, దీనికి మీ రోడ్డు ఖాళీగా కనిపిస్తోంది" అన్నాడు. రౌటర్ నుంచి నెట్ వాళ్ల ఫైబర్ బాక్సుకు వెళ్లే కేబుల్ వెయ్యి ఎంబీపీఎస్ వేగంది. కాబట్టి రౌటర్‌లో క్యూ అన్నదే ఏర్పడదు, వచ్చింది వచ్చినట్టు పంపేస్తుంది. అదంతా వెళ్లి ఆ బాక్సులో ఇరుక్కుంటుంది. ప్రయారిటీ అంటే క్యూలో ముందుకు పంపడం. క్యూ లేని చోట ఎవర్ని ముందుకు పంపుతారు? జనం వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఆగిపోతే, అలిపిరి దగ్గర వీఐపీ పాస్ చూపించినట్టుంది మీ రూల్.

ఆ 1000 తీసేసి 34 వేశాడు. అసలు వేగం కన్నా కాస్త తక్కువ పెడితే క్యూ మన రౌటర్‌లోనే నిలుస్తుందట, అప్పుడు కన్సోల్ ముందుకు వస్తుందట. మళ్లీ అవే వీడియోలు అప్‌లోడ్ పెట్టాను. పింగ్ 41. ఆ ఆరు ఎంబీపీఎస్ పోతే పోయింది. పింగ్‌లో మిగిలిన ఆ 35 సర్వర్ దూరానిది, దాన్ని ఏ రూలూ తగ్గించలేదని కూడా ఆ కుర్రాడే చెప్పాడు. మీ ఎక్స్‌పర్ట్ టీమ్ కాదు.

రెండు రోజులకు మళ్లీ 400. నేను అప్‌లోడ్ ఏదీ పెట్టలేదు. తీరా చూస్తే మా ఆవిడ ఫోన్ బెడ్‌రూమ్‌లో ఫైబర్ బాక్సు వైఫైకి కలిసి ఉంది, పెళ్లి వీడియోలన్నీ బ్యాకప్ అవుతున్నాయి. అది మీ రౌటర్ గుండా వెళ్లదు, ఇక దాన్ని మీ రౌటర్ ఆపేదెలా? ఆ బాక్సు వైఫై ఆపేసి, ఫోన్‌ను మన రౌటర్‌కు కలిపాను. బెడ్‌రూమ్‌లో సిగ్నల్ ఒక గీత తగ్గిందని ఇంట్లో మరో కంప్లైంట్ నడుస్తోంది. దాన్ని మాత్రం "పరిష్కారమైంది" అని మూసేసే ధైర్యం నాకు లేదు.

రౌటర్ పాడైందని నేను అనడం లేదు. ఆ గడిలో మీ లైన్ వేగం వేసుకోండి అని ఐదుగురిలో ఒక్కరు అన్నా ఈ ఉత్తరం ఉండేది కాదు. ఆ గడి పక్కన ఆ ఒక్క వాక్యం రాయించండి. నా ఫిర్యాదు మళ్లీ తెరిచి, ఏం జరిగిందో మనిషన్నవాడు ఫోన్ చేసి చెప్పాలి. పది రోజులు చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, వాళ్లూ తేల్చకపోతే వినియోగదారుల కమిషన్ మెట్లెక్కుతాను. మీ మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ రికార్డుల్లో "సంతృప్తి చెందిన కస్టమర్"