అడ్వాన్సు విషయమై ఓనరు గారికి

చిరంజీవి చిన్నమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఇంటి ఓనరు గారికి పంపుదామని రాసి, ముందుగా నాకు పంపిన వాట్సాప్ మెసేజ్ చదివాను. నీ కోపం న్యాయమైనదే. కానీ అందులో "నా 54,000 మింగేశారు" అన్న వాక్యం ఒక్కటి ఉంటే చాలు, ఆయన తక్కినవన్నీ వదిలేసి దానికి మాత్రమే జవాబు చెబుతారు. ఖాళీ చేసినప్పుడు పెయింటింగు కింద ఒక నెల అద్దె, అంటే 18,000, పట్టుకోవచ్చని అగ్రిమెంటులో ఉంది. 20,000 ఆయన ఇప్పటికే వేశారు. ఇక రావలసింది 16,000. ఆ అంకె నీ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

అందుకని, అవతలి మనిషి కాదనడానికి వీల్లేని వాక్యాల కింద మాత్రమే గీత గీస్తూ పోయాను. "ఎప్పుడూ ఫోను ఎత్తరు" అన్నదానికి గీత పడలేదు, ఎందుకంటే ఆయన ఎత్తిన ఒక్క రోజు చూపిస్తే అది అబద్ధమైపోతుంది. ఫోను చేసిన తేదీలు రాస్తే కాదనలేరు. వంటగది గోడ చెమ్మ, వాచ్‌మన్ మాటలు, రెండేళ్ల నాటి మోటారు గొడవ నిజమే అయినా, ఈ డబ్బుతో వాటికి సంబంధం లేదు. పోలీసుల మాట కూడా తీసేశాను. అడ్వాన్సు లెక్క తేడా మామూలుగా సివిల్ వ్యవహారమే కాబట్టి, ఆ బెదిరింపు ఉత్తదని ఆయనకూ తెలుస్తుంది. మిగిలినదాన్ని ఇలా కూర్చాను:

"నమస్కారమండీ. జనవరి 31న ఫ్లాటు ఖాళీ చేసి తాళాలు మీకు అప్పగించాను. కరెంటు బిల్లు కట్టేశాను. అడ్వాన్సు 54,000లో పెయింటింగుకు 18,000, మీరు పంపిన 20,000 పోగా 16,000 రావాలి. ఈ విషయమై ఫిబ్రవరి 10, 14 తేదీల్లో ఫోన్ చేశాను. వేరే రిపేర్లకు ఖర్చయి ఉంటే బిల్లులు పంపండి, చూస్తాను. లేదంటే 28వ తేదీలోగా మిగతా మొత్తం పంపగలరు."

బిల్లులు అడిగిన వాక్యం మెత్తదనం కోసం పెట్టింది కాదు. ఆయన దగ్గర నిజమైన ఖర్చేదైనా ఉంటే అది ఇప్పుడే బయటపడాలి. లేకపోతే తరువాత కొత్త లెక్క చెప్పడం ఆయనకు కష్టమవుతుంది. గడువును "త్వరగా" అని రాయకుండా తేదీగా రాసిందీ ఇందుకే.

దీన్ని ముక్కలు ముక్కలుగా కాక ఒకే మెసేజ్‌గా, పగటిపూట పంపు. వెంట అగ్రిమెంటులో ఆ షరతు ఉన్న పేజీ ఫొటో, కరెంటు బిల్లు రసీదు జతచెయ్యి. 28 దాటినా జవాబు రాకపోతే మళ్లీ రాయవద్దు, నాకు చెప్పు. మన ఊరి లాయరు గారి చేత నోటీసు ఇప్పిద్దాం. అప్పుడు లాయరు గారు మొదట అడిగేది ఈ మెసేజ్ కాపీనే కనుక, దాన్ని చెరిపేయకు.

మీ నాన్న