చిన్నీకి, నాన్న

చిన్నీ, దసరాకి వచ్చి వెళ్ళినప్పటి నుంచి ఫోన్ లేదు. ఇక్కడ వానలు తగ్గాయి, కరివేపాకు మళ్ళీ చిగురేసింది. నిన్న సరోజినత్తయ్య చెప్పింది, నువ్వు పెన్షన్ కోసం జీతంలో కట్ అయ్యే సీపీఎస్ డబ్బులోంచి తీసి ఫ్లాటుకి అడ్వాన్స్ ఇస్తున్నావని. నిజమా?

ఆ రోజు అన్నం దగ్గర నువ్వు "మీ పెన్షన్ మా పన్నుల్లోంచేగా నాన్నా" అన్నావు. నాకు కోపం రాలేదమ్మా, జవాబు తట్టలేదంతే. 1986లో మా హెడ్‌మాస్టారు పోయాక వాళ్ళావిణ్ణి ఫ్యామిలీ పెన్షన్ పని మీద సబ్ ట్రెజరీకి సైకిల్ మీద తీసుకెళ్ళా, ఎండలో రెండు గంటలు నించున్నాం, ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ "ఆయన ఇన్నేళ్ళూ దాచుకున్నది ఇప్పుడిస్తున్నారు కాబోలు బాబూ" అంది. లోపలి గుమాస్తా విని "ఎవరూ ఏమీ దాచలేదమ్మా, ఈ మాస్టారి జీతం, మీ పెన్షన్ రెండూ ఈ ఏడు వసూలైన పన్నుల్లోంచే" అన్నాడు. నా జీపీఎఫ్ నేను దాచుకున్నదే, కానీ పెన్షన్ కోసం 33 ఏళ్ళలో ఒక్క రూపాయి కట్ కాలేదు. నేను పనిచేసినన్నాళ్ళూ ముందువాళ్ళకి అలా నడిచింది, నాకు మీవల్ల నడుస్తోంది.

నీకు ఆ వరస తెగిపోయింది. నోటిఫికేషన్ 2003ది, ఆర్డర్ చేతికొచ్చింది 2005లో, మధ్యలో 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్ళకి పాత పెన్షన్ బదులు సీపీఎస్ అని కొత్త రూలు. ఇప్పుడు బేసిక్, డీఏ మీద 10 శాతం నీ కోసం కట్ అవుతోంది, పన్నుల్లో నా కోసమూ కడుతున్నావు. రెండుసార్లు కట్టే బ్యాచ్ మీదే. నువ్వన్నదాంట్లో తప్పులేదు.

పాత పద్ధతే తిరిగి ఇచ్చేస్తే అంటావు. ఇస్తే ఇవాళ గవర్నమెంటుకి లాభమే, నీ ఖాతాలో వేసే తన వాటా ఆగిపోతుంది కదా. బిల్లు వచ్చేది 2040 దాటాక, అప్పుడు కట్టేది మన బుజ్జిగాడి వయసువాళ్ళు, మనింట్లోనే చూడు, మేం ఐదుగురం, మీరిద్దరు, వాడొక్కడు. నీకు న్యాయం జరగాలి, కానీ ఆ డబ్బు ఇప్పట్నుంచే పక్కన పెట్టి జరగాలి.

అందుకే ఫ్లాటు మాట విని గుండె జారింది. నువ్వు కట్టిన దాంట్లో 25 శాతం దాకా తియ్యనిస్తారు, తెలుసు. కానీ చివర్న 40 లక్షలు అయిందనుకో, 16 లక్షలు నెలనెలా పెన్షన్ ఇచ్చే యాన్యుటీకే పోవాలి, 6 శాతం ఇస్తే నెలకి 8 వేలు. మిగతా 24 చేతికిస్తారు, అవి ఎంతకాలం ఉంటాయో నీ ఇష్టం. నాకు ధరలతో పాటు డీఆర్ పెరుగుతుంది, మామూలు యాన్యుటీలో ఆ 8 వేలు ఇరవై ఏళ్ళ తర్వాతా 8 వేలే. ఇప్పుడు తీసిన లక్ష అప్పటికి ఎంత అయ్యేదో లెక్క వేసుకో, నువ్వు లెక్కల టీచరివే కదా. మళ్ళీ క్లాసు పీకుతున్నా, ఆపేస్తా.

అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఆగు. నా పెన్షన్‌లో కొంత ప్రతి నెలా నీ పేరున వేస్తా, వద్దనకు, అది మీ దగ్గర్నుంచి వచ్చిందే. ఉసిరికాయ పచ్చడి పెద్ద సీసాలో పెట్టింది మీ అమ్మ, శనివారం బస్సుకి పంపిస్తా. థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకుంటున్నావా? ఆదివారం ఫోన్ చెయ్యి, తొమ్మిదింటికల్లా మెలకువగానే ఉంటా.

నాన్న