ఆ ఏడుగురి మాట ఎవరు వింటారు?

కార్మిక శాఖ కమిషనర్ గారికి,

నమస్కారం. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ కొట్టులో నేను లెక్కలు రాస్తాను. మేం ఏడుగురం. ఓనర్ మంచివారే, కానీ కొట్టు నడిపేది ఆయన బామ్మర్ది. కస్టమర్ల ముందే తిడతాడు. పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోత. అదీ నోటిమాటే, కాగితం ఉండదు.

పోయిన నెల ప్యాకింగ్ కుర్రాడు ధైర్యం చేసి ఓనర్‌కి చెప్పాడు. ఆ మాట రాత్రి భోజనాల దగ్గరే బామ్మర్దికి చేరిపోయింది. తెల్లారి షట్టర్ ఎత్తకముందే, "నా మీద చాడీలు చెప్తావా, రేపట్నుంచి రాకు" అన్నాడు. రెండేళ్ల సర్వీసు అలా పోయింది.

20 మంది పనిచేసే చోటైతే చట్ట ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఏడుగురికి ఆ కమిటీ లేదు. షాపుల చట్టం ప్రకారం ఆరు నెలలు దాటినవాడిని సరైన కారణం లేకుండా తీసేస్తే నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. కానీ ఆ కుర్రాడి దగ్గర అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, జీతం చేతికే. పనిచేశానని దేంతో చూపిస్తాడు? ఫోన్‌పేలో వచ్చిన ఒక్క అడ్వాన్స్ తప్ప.

మీ అధికారులు తనిఖీకొస్తే బామ్మర్ది పక్కనే నిలబడతాడు. అప్పుడు "ఏమైనా ఇబ్బందా?" అని అడిగితే ఎవరు నోరు విప్పుతారు సార్? మమ్మల్ని బయట, విడివిడిగా అడగమనండి. ఓనర్‌కి మీరిచ్చే నోటీసులో చెప్పినవాళ్ల పేరు రాయకండి.

ఇట్లు,
ఒక గుమస్తా