అట్టడుగు స్థానానికీ ఒక అర్థం ఉండాలి: ఐఎస్‌ఎల్‌లో రెలిగేషన్ గురించి బహిరంగ లేఖ

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులు గారికి,

నమస్కారములు. 2023-24 సీజన్‌లో మా హైదరాబాద్ నగరంలో ఏకకాలంలో జరిగిన రెండు విషయాలను మీ దృష్టికి తెచ్చి, వాటి ఆధారంగా ఒక విన్నపం చేసుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను. అంతకు రెండేళ్ల ముందే ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, జీతాల బకాయిలతో ఆటగాళ్లు వెళ్లిపోగా, ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలిచి 8 పాయింట్లతో అట్టడుగున మిగిలింది. అదే నగరంలో, ఒక మెట్టు కింద ఉన్న ఐ-లీగ్‌లో, శ్రీనిధి డెక్కన్ వరుసగా రెండోసారి రెండో స్థానం సాధించింది. ఈ రెండు ఫలితాల్లో దేనివల్లా ఏ క్లబ్బు స్థాయీ మారలేదు. అట్టడుగున ఉన్న జట్టు మరుసటి ఏడాది కూడా పై లీగ్‌లోనే ఆడింది, రెండో స్థానంలో ఉన్న జట్టు కింది లీగ్‌లోనే ఉండిపోయింది.

లీగ్‌ల మధ్య జట్ల రాకపోకల కోసం 2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య సమక్షంలో కుదిరిన ప్రణాళికలో సగం అమలైందన్న సంగతి మరువలేదు. ఐ-లీగ్ విజేతలుగా 2023లో పంజాబ్, 2024లో మహమ్మదన్ స్పోర్టింగ్ పైకి వచ్చాయి. అయితే అదే ప్రణాళిక 2024-25 నుంచి రెలిగేషన్, అంటే అట్టడుగు జట్టు కింది లీగ్‌కు దిగడం, కూడా ఉంటుందని చెప్పింది. ఆ సీజన్‌లో 13 జట్లలో చివరి స్థానంలో నిలిచిన మహమ్మదన్ కిందికి దిగలేదు. తలుపు లోపలికి మాత్రమే తెరుచుకునేలా ఉంటే బలహీనమైన జట్టుకు సీజన్ ఎప్పుడు ముగుస్తుందో ఆలోచించండి. తొలి ఆరు స్థానాల్లో చేరే అవకాశం పోయిన రోజునే అది ముగుస్తుంది. ఆ తర్వాత మిగిలిన మ్యాచ్‌లలో గెలిచినా ఓడినా తేడా లేదు కనుక యాజమాన్యం ఖర్చు తగ్గించుకుంటుంది, మంచి ఆటగాడిని జనవరిలోనే వదులుకుంటుంది, ప్రేక్షకులు రావడం మానేస్తారు. నష్టం ఆ క్లబ్బుతో ఆగదు. పట్టుదల లేని జట్టుతో చివర్లో ఆడే ప్రత్యర్థికి సులువుగా మూడు పాయింట్లు దొరుకుతాయి, అదే జట్టుతో సీజన్ ఆరంభంలో ఆడిన మరో ప్రత్యర్థికి దొరకవు. అలా పై స్థానాల పోటీలో న్యాయం కూడా దెబ్బతింటుంది.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ కింది అంచు కూడా చాలాకాలం మన లీగ్‌లాగే మూసుకుని ఉండేది. లోపల డివిజన్ల మధ్య రాకపోకలు ఉన్నా, నాలుగో డివిజన్ కింద మాత్రం గోడ ఉండేది. ఆ డివిజన్‌లో చివరి నాలుగు స్థానాల్లో నిలిచిన క్లబ్బులు ప్రతి ఏటా తిరిగి ఎన్నిక కోసం దరఖాస్తు చేసుకోవాలి, తోటి క్లబ్బులు ఓటు వేయాలి. రేపు తమకూ ఆ గతి పట్టవచ్చని తెలిసిన క్లబ్బులు సాధారణంగా పాతవారికే ఓటు వేసేవి. హార్టిల్‌పూల్ అనే క్లబ్బు 14 సార్లు ఇలా దరఖాస్తు చేసుకుని ప్రతిసారీ నిలబడింది. 1978లో విగాన్ అథ్లెటిక్ ఎన్నికైన తర్వాత 1986 వరకు బయటి క్లబ్బు ఒక్కటి కూడా లోపలికి రాలేకపోయింది. చివరకు 1986-87 సీజన్ నుంచి ఓటింగును తీసివేసి, నాలుగో డివిజన్‌లో చివరిగా నిలిచిన ఒక్క క్లబ్బు నేరుగా కిందికి దిగాలని, కింది లీగ్ విజేత, లీగ్ ప్రమాణాలకు తగినదైతే, పైకి రావాలని నిబంధన పెట్టారు.

ఆ నిబంధన ఏం చేసిందో అదే సీజన్ చివరి రోజున, 1987 మే 9న, కనిపించింది. బర్న్‌లీ 1888లో లీగ్‌ను స్థాపించిన 12 క్లబ్బుల్లో ఒకటి, 1960లో దేశ విజేత. అలాంటి క్లబ్బు ఆ ఉదయం 46 పాయింట్లతో అందరికన్నా కింద ఉంది. దానికి పైన టార్కీ 47, లింకన్ సిటీ 48 పాయింట్లతో ఉన్నాయి. బర్న్‌లీ గెలిచినా సరిపోదు, టార్కీ గెలవకుండా ఉండాలి లేదా లింకన్ ఓడాలి. ఆ సీజన్‌లో సగటున మూడు వేల చిల్లర ప్రేక్షకులను చూసిన మైదానానికి ఆ రోజు 15 వేలకు పైగా జనం వచ్చారు. వారందరూ లోపలికి చేరేందుకు మ్యాచ్‌ను ఆలస్యంగా మొదలుపెట్టవలసి వచ్చింది. ఓరియంట్‌పై బర్న్‌లీ 2-1తో గెలిచింది. లింకన్ స్వాన్సీలో 0-2తో ఓడింది. టార్కీ సొంత మైదానంలో క్రూ జట్టుకు రెండు గోల్స్ వెనుకబడి, ఆపై ఒక గోల్ చేసింది. అప్పుడు మైదానం అంచున ఉన్న పోలీసు కుక్క టార్కీ ఆటగాడిని కరవడంతో ఆట ఆగిపోయింది. అలా కలిసి వచ్చిన అదనపు నిమిషాల్లోనే టార్కీ రెండో గోల్ చేసి 2-2తో బయటపడింది. బర్న్‌లీకి 49, టార్కీకి 48, లింకన్‌కు 48 పాయింట్లు. గోల్స్ తేడాతో లింకన్ దిగిపోయింది. మూడు చిన్న పట్టణాలు, దేశమంతటిలో అత్యంత బలహీనమైన మూడు వృత్తి జట్లు, చివరి నిమిషం వరకు తమ ఆటకు విలువ ఉందని నమ్మి ఆడిన మధ్యాహ్నం అది. పాత పద్ధతి కొనసాగి ఉంటే ఆ మూడూ దరఖాస్తు రాసుకుని ఊరుకునేవి.

దిగినంత మాత్రాన లింకన్ అంతమైపోలేదు. మరుసటి సీజన్‌లోనే కింది లీగ్ గెలిచి 1988లో తిరిగి వచ్చింది. అయితే లింకన్ వచ్చిన ఏడాది దాని స్థానంలో కిందికి దిగిన న్యూపోర్ట్ కౌంటీ, అప్పటికే అప్పుల్లో కూరుకుపోయి ఉండటంతో, 1989లో మూతపడింది. రెలిగేషన్ కోరుతున్న నాలాంటివారు ఈ రెండో ఉదాహరణను దాచకూడదు. కిందికి దిగడం ఆటలో ఓటమిగా ఉండాలి, క్లబ్బుకు మరణశిక్ష కాకూడదు. ఆదాయం ఒక్కసారిగా పడిపోయే క్లబ్బును కాపాడటానికే ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ దిగిపోయిన జట్లకు గరిష్ఠంగా మూడేళ్లపాటు ఏటేటా తగ్గుతూ పోయే సొమ్ము చెల్లిస్తోంది. దానికీ ఒక దోషం ఉంది. ఆ సొమ్ముతో దిగిన జట్లు కింది డివిజన్‌లో మిగతావారికన్నా ఎంతో బలంగా ఉంటాయి. మరోవైపు పైకి వచ్చిన జట్లకూ అక్కడివారికీ అంతరం ఎంతగా పెరిగిందంటే, 2023-24లోనూ 2024-25లోనూ కొత్తగా వచ్చిన మూడు జట్లూ ఆ ఏడాదే దిగిపోయాయి. అందుచేత మన దగ్గర ఆ సాయం ఒక్క ఏడాదికి పరిమితమై, ముందుగా ఆటగాళ్ల, సిబ్బంది జీతాలకే వినియోగం కావాలని నా అభిప్రాయం.

ఇక నా విన్నపం. ఐఎస్‌ఎల్ నుంచి చివరి జట్టు నేరుగా కిందికి దిగాలి. చివరి నుంచి రెండో జట్టు, కింది లీగ్‌లో రెండో స్థానం పొందిన జట్టుతో రెండు మ్యాచ్‌ల ప్లేఆఫ్ ఆడాలి. జర్మనీలో 2008-09 నుంచి బుండెస్‌లీగాలో 16వ జట్టుకూ రెండో డివిజన్‌లో మూడో జట్టుకూ మధ్య ఇలాంటి పోటీ జరుగుతోంది. మనలాంటి చిన్న లీగ్‌కు ఇది మరింత అవసరం, ఎందుకంటే నేరుగా దిగే స్థానం ఒక్కటే ఉంటే, 8 పాయింట్ల జట్టు వంటిది ఒకటి ముందే వెనుకబడిపోయిన ఏడాది మిగతావారికి భయం ఉండదు. ప్లేఆఫ్ స్థానం ఉంటే పదో జట్టు, పదకొండో జట్టు చివరి వారం దాకా ఆడి తీరాలి. కింది లీగ్‌లో విజేతకు దూరమైన జట్టుకు కూడా రెండో స్థానం కోసం పోరాడే కారణం ఉంటుంది. శ్రీనిధి డెక్కన్ రెండుసార్లు కోల్పోయినది సరిగ్గా ఈ అవకాశాన్నే.

చివరి రెండు వారాల మ్యాచ్‌లలో కింది స్థానాలకు సంబంధించినవన్నీ ఒకే సమయానికి మొదలయ్యేలా చూడండి. ప్రసార సంస్థకు ఇది నచ్చకపోవచ్చు, కానీ ఇతరుల ఫలితం ముందే తెలిసి ఆడే జట్టు ఆటలో నిజాయితీని ఎవరూ నమ్మరు. క్లబ్ లైసెన్సు పొందలేని విజేత విషయంలో ఏం చేస్తారో, దాని బదులు ఎవరు వస్తారో కూడా ముందే రాసి ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ నిబంధనలను సీజన్ తొలి మ్యాచ్‌కు ముందే ప్రకటించి, పెద్ద క్లబ్బు అట్టడుగున మిగిలినా మధ్యలో మార్చబోమని లిఖితపూర్వకంగా హామీ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
హైదరాబాద్‌కు చెందిన ఒక ఫుట్‌బాల్ అభిమాని